ఈవెంట్ ఆధారిత రూపకల్పన

ఈవెంట్ ఆధారిత రూపకల్పన అంటే సాఫ్ట్‌వేర్ భాగాలు ఒకదానినొకటి నేరుగా పిలవకుండా, తమ దగ్గర జరిగిన విషయాన్ని ప్రకటించి, దానితో పని ఉన్న భాగాలు ఆ ప్రకటనను అందుకునేలా వ్యవస్థను నిర్మించే పద్ధతి. ఆ ప్రకటనను ఈవెంట్ అంటారు. ప్రకటించే భాగం ప్రొడ్యూసర్, అందుకునే భాగం కన్స్యూమర్, రెండింటి మధ్య ఈవెంట్లను దాచి చేరవేసేది బ్రోకర్. ఆన్‌లైన్ దుకాణాలు, బ్యాంకింగ్, టెలికాం బిల్లింగ్, రవాణా వంటి రంగాల్లో ఈ పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. ఈ వ్యాసం ఒక ఆన్‌లైన్ దుకాణంలోని ఆర్డరును ఉదాహరణగా తీసుకుని, నేరు కాల్‌కు బదులు ఈవెంట్ ఎప్పుడు తగినదో, వరుసక్రమం, మళ్లీ ప్రయత్నాలు, వైఫల్యాలు అనే మూడు సమస్యలను ఎలా పరిష్కరిస్తారో వివరిస్తుంది.

## నిర్వచనం

ఈవెంట్ ఇప్పటికే జరిగిపోయిన విషయాన్ని చెబుతుంది. అందువల్ల దాని పేరు భూతకాలంలో ఉంటుంది: `OrderPlaced` అంటే ఆర్డరు నమోదైంది, `OrderPaid` అంటే చెల్లింపు అందింది. ఒకసారి ప్రకటించిన ఈవెంట్‌ను మార్చరు. పొరపాటు జరిగితే దాన్ని సరిదిద్దే మరో ఈవెంట్‌ను ప్రకటిస్తారు.

ఈవెంట్‌కూ ఆదేశానికీ తేడా ఉంది. "నిల్వలోంచి రెండు వస్తువులు తగ్గించు" అనేది ఆదేశం. అది ఒక నిర్దిష్ట భాగాన్ని ఉద్దేశించినది, ఆ భాగం దాన్ని తిరస్కరించవచ్చు కూడా. "ఆర్డరుకు చెల్లింపు అందింది" అనేది ఈవెంట్. దాన్ని ఎవరు వింటున్నారో ప్రొడ్యూసర్‌కు తెలియనవసరం లేదు. క్యూలో ఆదేశాలను పంపుతూ వాటికి ఈవెంట్లని పేరు పెట్టినంత మాత్రాన భాగాల మధ్య ముడి వదులు కాదు. ఎవరు ఏం చేయాలో పంపేవారు నిర్ణయించినంత కాలం పాత ముడి అలాగే ఉంటుంది.

ఈవెంట్‌లో సాధారణంగా నాలుగు అంశాలుంటాయి. మొదటిది ఈవెంట్‌కు మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య. రెండోది అది దేని గురించో చెప్పే కీ, ఉదాహరణకు ఆర్డరు నంబరు. మూడోది ఆ ఆర్డరు చరిత్రలో ఇది ఎన్నో మార్పో చెప్పే వెర్షన్ సంఖ్య. నాలుగోది అసలు సమాచారం. మొదటి మూడూ చిన్నవిగా కనిపించినా, ఈ వ్యాసంలో తరువాత వచ్చే పరిష్కారాలన్నీ వాటి మీదే ఆధారపడతాయి.

## చరిత్ర

వేర్వేరు కంప్యూటర్లలో జరిగే సంఘటనలకు వరుస ఎలా నిర్ణయించాలన్న ప్రశ్నను లెస్లీ లాంపోర్ట్ 1978లో ప్రచురించిన పత్రంలో స్పష్టంగా నిర్వచించారు. గడియారాలు సరిగ్గా కలవనప్పుడు కూడా, ఒక సంఘటన మరొకదానికి కారణమైతే వాటి మధ్య వరుసను లెక్కసంఖ్యలతో గుర్తించవచ్చని ఆయన చూపారు. ఈవెంట్లలో నేడు వాడే వెర్షన్ సంఖ్యల వెనక ఉన్నది ఈ ఆలోచనే.

దాదాపు అదే కాలంలో, పలు డేటాబేస్‌లలో ఒకే లావాదేవీని "అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు" అన్న నియమంతో ముగించడానికి రెండు దశల కమిట్ పద్ధతి వచ్చింది. అందులో పాల్గొనే భాగాలన్నీ ఒకే సమయంలో పనిచేస్తూ ఉండాలి, నిర్ణయం వెలువడేదాకా లాక్‌లు పట్టుకుని ఉండాలి. ఎక్కువ సేపు నడిచే లావాదేవీలకు ఇది భారమైంది. 1987లో హెక్టర్ గార్సియా-మోలినా, కెనెత్ సేలం "సాగా" అనే ప్రత్యామ్నాయాన్ని ప్రతిపాదించారు: పెద్ద లావాదేవీని చిన్న లావాదేవీలుగా విడగొట్టి, మధ్యలో ఏదైనా విఫలమైతే అప్పటికే జరిగిన వాటికి విరుగుడు చర్యలు నడపడం దాని సారం (చూ. వైఫల్యాలు: వ్యాపారపరమైనవి).

మెసేజ్ చేరవేత వ్యాపార ఉత్పత్తుల్లో ఐబీఎం 1993లో విడుదల చేసిన ఎంక్యూసిరీస్ ప్రముఖమైనది. 2003లో జేపీ మోర్గాన్ ఛేజ్ బ్యాంకులో మొదలైన కృషి నుంచి ఏఎంక్యూపీ అనే ఉమ్మడి ప్రమాణం రూపొందింది. దాన్ని అమలుచేసే రాబిట్‌ఎంక్యూ 2007లో వచ్చింది. లింక్డిన్ సంస్థలో జే క్రెప్స్, నేహా నార్ఖేడే, జున్ రావ్ రూపొందించిన కాఫ్కా 2011లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైంది. అందుకున్న మెసేజ్‌ను చెరిపేసే క్యూకు బదులు, మెసేజ్‌లను వరుసగా రాసి ఉంచే చిట్టాను అది కేంద్రంగా తీసుకుంది.

## రకాలు

### ఈవెంట్ మోసే సమాచారాన్ని బట్టి

సూచన ఈవెంట్ జరిగిన విషయాన్నీ కీనీ మాత్రమే చెబుతుంది. వివరాలు కావలసిన కన్స్యూమర్ తిరిగి ప్రొడ్యూసర్‌ను అడగాలి. ఈవెంట్ పరిమాణం చిన్నదే గానీ, అడిగే సమయానికి ప్రొడ్యూసర్ ఆగిపోయి ఉంటే పని నిలిచిపోతుంది. పైగా అప్పటికి అక్కడి స్థితి మారిపోయి ఉండవచ్చు.

స్థితిని మోసే ఈవెంట్ మార్పు తరువాత ఆర్డరు పూర్తి స్థితిని వెంట తెస్తుంది. కన్స్యూమర్ తిరిగి అడగనవసరం లేదు, తన దగ్గర ఒక నకలు పెట్టుకోవచ్చు. మూడో రకంలో ఈవెంట్ల చిట్టాయే అసలు రికార్డు. ప్రస్తుత స్థితిని మొదటి ఈవెంట్ నుంచి లెక్కగట్టి తెస్తారు. దీన్ని ఈవెంట్ సోర్సింగ్ అంటారు. ఇది డేటా నిల్వకు సంబంధించిన నిర్ణయం. ఈవెంట్లు వాడే ప్రతి వ్యవస్థకూ ఇది అవసరం కాదు.

### చేరవేసే సాధనాన్ని బట్టి

క్యూలో ఒక మెసేజ్‌ను ఒక కార్మిక ప్రక్రియ తీసుకుని, పని ముగించి, అందినట్టు రసీదు పంపితే బ్రోకర్ దాన్ని తొలగిస్తుంది. చిట్టాలో మెసేజ్‌లు నిర్ణీత కాలం నిలిచే ఉంటాయి. కాఫ్కాలో మార్చకపోతే ఆ గడువు 7 రోజులు. ప్రతి కన్స్యూమర్ బృందం తాను ఎక్కడిదాకా చదివిందో ఆఫ్‌సెట్ అనే సంఖ్యతో గుర్తుంచుకుంటుంది. ఒక్కో పనిని విడివిడిగా పంచడానికి క్యూ అనువైనది. ఒకే ఈవెంట్‌ను అనేక బృందాలు తమ వేగంతో చదవడానికి, పాతవాటిని మళ్లీ చదవడానికి చిట్టా అనువైనది.

## నేరు కాల్, ఈవెంట్: ఎంపిక

నేరు కాల్‌లో పిలిచిన భాగం జవాబు వచ్చేదాకా ఆగుతుంది. జవాబు లేకుండా తరువాతి అడుగు వేయలేని చోట ఇదే సరైన పద్ధతి. లాగిన్ సరైనదా కాదా, వస్తువు ధర ఎంత, కార్డు చెల్లింపు ఆమోదం పొందిందా అనేవి అటువంటివి. తెర ముందు మనిషి జవాబు కోసం చూస్తున్నప్పుడు మధ్యలో బ్రోకర్‌ను పెడితే, జవాబును తిరిగి తెచ్చి అదే మనిషికి చేర్చే అదనపు పని తప్ప ప్రయోజనం ఉండదు.

ఈవెంట్ మూడు సందర్భాల్లో మెరుగ్గా పనిచేస్తుంది. ఒకటి, ఒకే విషయంపై చాలా భాగాలు స్పందించాలి, వాటి సంఖ్య కాలక్రమంలో పెరుగుతుంది. రెండు, ఆ స్పందనలు ఆలస్యమైనా మొదటి పని చెల్లుతుంది. మూడు, పని ఒక్కసారిగా వచ్చి పడుతుంది గానీ దాన్ని నెమ్మదిగా తీర్చవచ్చు.

రెండో సందర్భాన్ని లెక్కతో చూడవచ్చు. ఒక సర్వీస్ 99.9 శాతం సమయం పనిచేస్తుందంటే 30 రోజుల నెలలో సుమారు 43 నిమిషాలు ఆగుతుంది. ఆర్డరు ఖరారు కావడానికి అటువంటి నాలుగు సర్వీసులను వరుసగా పిలవాలనుకుందాం. వాటి వైఫల్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, మొత్తం అందుబాటు 0.999ను నాలుగుసార్లు హెచ్చించగా వచ్చే 99.6 శాతం. అంటే నెలకు దాదాపు 2 గంటల 50 నిమిషాలు ఆర్డర్లు విఫలమవుతాయి. వాటిలో మూడు సర్వీసులను ఈవెంట్ వినేవాటిగా మారిస్తే, అవి ఆగినంతసేపు వాటి పని బ్రోకర్‌లో నిలుస్తుంది, ఆర్డరు మాత్రం నమోదవుతుంది. అయితే బ్రోకర్ కూడా ఆగిపోగల భాగమే గనుక లెక్కలో దాన్నీ చేర్చాలి (చూ. పనితీరు: అవుట్‌బాక్స్).

ఎంపికకు ఉపయోగపడే పరీక్ష ఒకటుంది. "కన్స్యూమర్ ఈ పనిని గంట తరువాత చేస్తే, లేదా తన వల్ల కాదని చెబితే, ఇప్పుడు మనిషికి చూపిన జవాబు అబద్ధమవుతుందా?" అవుతుందంటే నేరు కాల్ కావాలి. కాదంటే ఈవెంట్ సరిపోతుంది. ఎస్‌ఎంఎస్ గంట ఆలస్యమైనా ఆర్డరు చెల్లుతుంది. చెల్లింపు ఆమోదం రాకుండా "చెల్లింపు పూర్తయింది" అని చూపడం మాత్రం చెల్లదు.

## పనితీరు: ఒక ఆర్డరు ప్రయాణం

ఒక దుకాణంలో `O-1042` నంబరుతో రెండు కాటన్ చీరల ఆర్డరు వచ్చిందనుకుందాం. కొనుగోలుదారు తెర ముందు ఉండగా ఆర్డర్ల సర్వీస్ ధరను, చెల్లింపును నేరు కాల్‌తోనే తేల్చుకుంటుంది. చెల్లింపు అందిన తరువాత `OrderPaid` ఈవెంట్ వెలువడుతుంది. నిల్వ సర్వీస్ రెండు చీరలను లెక్కలోంచి తగ్గిస్తుంది, ప్యాకింగ్ సర్వీస్ గిడ్డంగికి చీటీ పంపుతుంది, ఎస్‌ఎంఎస్ సర్వీస్ కబురు పంపుతుంది, విక్రేత ఖాతా సర్వీస్ బాకీ రాసుకుంటుంది. ఆర్డరు చరిత్రలో వెర్షన్ 1 `OrderPlaced`, వెర్షన్ 2 `OrderPaid`. కొనుగోలుదారు తరువాత రద్దు చేసుకుంటే వెర్షన్ 3 `OrderCancelled`.

### అవుట్‌బాక్స్

మొదటి చిక్కు ఈవెంట్ వెలువడే చోటే వస్తుంది. ఆర్డర్ల సర్వీస్ తన డేటాబేస్‌లో స్థితిని మార్చాలి, బ్రోకర్‌కు ఈవెంట్ పంపాలి. ఇవి రెండు వేర్వేరు వ్యవస్థలు. డేటాబేస్‌లో రాసి, పంపేలోగా ప్రక్రియ ఆగిపోతే డబ్బు అందినా ప్యాకింగ్‌కు కబురు వెళ్లదు. ముందు పంపి తరువాత రాస్తే, రాయడం విఫలమైనప్పుడు లేని చెల్లింపుకు చీరలు ప్యాక్ అవుతాయి. ఏ వరుసలో చేసినా ఒక ఖాళీ మిగులుతుంది.

దీనికి వాడే పరిష్కారం అవుట్‌బాక్స్ పట్టిక. ఈవెంట్‌ను బ్రోకర్‌కు పంపకుండా, స్థితి మార్పుతో పాటు అదే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో ఒక పట్టికలో రాస్తారు.

```sql
BEGIN;
UPDATE orders SET status = 'PAID', version = 2
  WHERE id = 'O-1042' AND version = 1;
INSERT INTO outbox (event_id, order_id, version, type)
  VALUES ('e-7f3', 'O-1042', 2, 'OrderPaid');
COMMIT;
```

`UPDATE` ఏ వరుసనూ మార్చకపోతే, ఈలోగా ఆర్డరు మరొకరి చేతిలో మారిందని అర్థం. అప్పుడు ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తీసుకోవాలి. విడిగా నడిచే ఒక ప్రక్రియ అవుట్‌బాక్స్‌ను చదివి బ్రోకర్‌కు పంపుతుంది. బ్రోకర్ కాసేపు ఆగినా ఈవెంట్లు పట్టికలో భద్రంగా ఉంటాయి. ఆర్డర్లు తీసుకోవడం ఆగదు.

ఈ పద్ధతిలో సులభంగా కనబడని లోపం ఒకటుంది. పంపే ప్రక్రియ "చివరిగా పంపిన వరుస సంఖ్య 100, దాని తరువాతివి ఇవ్వు" అని చదువుతుందనుకుందాం. వరుస సంఖ్యలు ట్రాన్సాక్షన్ నడుస్తున్నప్పుడే కేటాయింపు అవుతాయి, కమిట్ అయ్యే క్రమం వేరుగా ఉండవచ్చు. 102 ముందు కమిట్ అయి, 101 ఇంకా నడుస్తుంటే, ప్రక్రియకు 102 మాత్రమే కనిపిస్తుంది. దాన్ని పంపి గుర్తు 102కు జరుపుతుంది. తరువాత కమిట్ అయిన 101 ఎప్పటికీ వెళ్లదు. రద్దీ ఎక్కువైనప్పుడు మాత్రమే అరుదుగా ఈవెంట్లు మాయమవడం దీని లక్షణం. సంఖ్యతో గుర్తుంచుకోకుండా ప్రతి వరుసకూ "పంపాం" అనే గుర్తు పెట్టడం, లేదా కమిట్ క్రమంలోనే ఉండే డేటాబేస్ ట్రాన్సాక్షన్ లాగ్ నుంచి చదవడం దీనికి మందు. రెండో పనికి వాడే ఓపెన్ సోర్స్ సాధనాల్లో డెబీజియం ఒకటి.

## వరుసక్రమం

వ్యవస్థలోని ఈవెంట్లన్నిటికీ ఒకే వరుస ఉండాలంటే అన్నీ ఒకే గొట్టంలోంచి ఒక్కొక్కటిగా వెళ్లాలి. అది వేగాన్ని ఒక ప్రక్రియ సామర్థ్యానికి కట్టిపడేస్తుంది. ఆచరణలో అంత వరుస అవసరం ఉండదు. `O-1042` చెల్లింపు, `O-2077` రద్దు ఏది ముందు జరిగినా ఫలితం మారదు. ఒకే ఆర్డరుకు చెందిన ఈవెంట్ల మధ్య వరుస తప్పితే మాత్రం ఫలితం మారుతుంది. అందుకే "ఒక్కో కీకి వరుస" అనే సడలించిన నియమాన్ని వాడతారు.

కాఫ్కాలో ఒక టాపిక్ అనేక పార్టిషన్లుగా ఉంటుంది. కీని హ్యాష్ చేసి ఈవెంట్ ఏ పార్టిషన్‌కు వెళ్లాలో నిర్ణయిస్తారు. ఒక పార్టిషన్ లోపల వరుస ఉంటుంది, పార్టిషన్ల మధ్య ఉండదు. ఆర్డరు నంబరును కీగా పెడితే ఆ ఆర్డరు ఈవెంట్లన్నీ ఒకే పార్టిషన్‌లో పడతాయి. అయితే మధ్యలో పార్టిషన్ల సంఖ్యను 12 నుంచి 16కు పెంచితే హ్యాష్ ఫలితం చాలా కీలకు మారుతుంది. `O-1042` రెండో ఈవెంట్ పాత పార్టిషన్‌లో ఎదురుచూస్తూ ఉండగా, మూడోది కొత్త పార్టిషన్‌లోకి వెళ్లి ముందుగా చదివించుకోవచ్చు. అందుకని పార్టిషన్ల సంఖ్యను మొదటే కొంత ఎక్కువగా నిర్ణయిస్తారు, లేదా పాతవి పూర్తిగా చదివాకే మారుస్తారు.

బ్రోకర్ వరుసను కాపాడినా కన్స్యూమర్ దాన్ని చెడగొట్టవచ్చు. ఒకే పార్టిషన్‌లోని ఈవెంట్లను వేగం కోసం పలు థ్రెడ్లకు పంచితే, తరువాతిది ముందు ముగియవచ్చు. విఫలమైన ఈవెంట్‌ను పక్కన పెట్టి ముందుకు సాగినా ఇదే జరుగుతుంది. కాబట్టి వరుస తప్పినా తట్టుకునేలా కన్స్యూమర్‌ను రాయడం రక్షణకు రెండో పొర.

నిల్వ సర్వీస్‌కు వెర్షన్ 3 `OrderCancelled` ముందు చేరిందనుకుందాం. వెర్షన్‌ను చూడని కోడ్ "ఈ ఆర్డరుకు నేనేమీ తగ్గించలేదు గనుక తిరిగి చేర్చేది లేదు" అని వదిలేస్తుంది. తరువాత వెర్షన్ 2 `OrderPaid` రాగానే రెండు చీరలు తగ్గిస్తుంది. ఆర్డరు రద్దయింది, చీరలు గిడ్డంగిలోనే ఉన్నాయి, లెక్కలో మాత్రం లేవు. ఎక్కడా ఎర్రర్ నమోదు కాదు. నెలాఖరున గిడ్డంగిలో లెక్కపెట్టినప్పుడు తేడా బయటపడుతుంది.

వెర్షన్‌ను చూసే కన్స్యూమర్ ప్రతి ఆర్డరుకూ తాను చివరిగా చూసిన వెర్షన్‌ను గుర్తుంచుకుంటుంది. వచ్చినది దానికి సమానమో తక్కువో అయితే వదిలేస్తుంది. సరిగ్గా ఒకటి ఎక్కువైతే అమలు చేస్తుంది. అంతకన్నా ఎక్కువైతే మధ్యలో ఏదో రాలేదని తెలుసుకుని ఆపి ఉంచుతుంది. ఈవెంట్ పూర్తి స్థితిని మోసేదైతే పని ఇంకా తేలిక: ఖాళీల గురించి పట్టించుకోకుండా పెద్ద వెర్షన్ ఉన్నదాన్నే స్థితిగా తీసుకుంటే చాలు. వెర్షన్‌కు బదులు గడియార సమయాన్ని వాడకూడదు. రెండు సర్వర్ల గడియారాల మధ్య కొద్ది మిల్లీసెకన్ల తేడా ఉన్నా వరుస తలకిందులవుతుంది.

## మళ్లీ ప్రయత్నాలు

### చేరవేత హామీలు

కన్స్యూమర్ పని మొదలుపెట్టకముందే రసీదు పంపితే, మధ్యలో ఆగిపోయినప్పుడు ఈవెంట్ పోతుంది. దీన్ని "గరిష్ఠంగా ఒకసారి" హామీ అంటారు. పని ముగిశాక రసీదు పంపితే, రసీదుకు ముందు ఆగిపోయినప్పుడు అదే ఈవెంట్ మళ్లీ వస్తుంది. ఇది "కనీసం ఒకసారి". డబ్బు, సరుకు వ్యవహారాల్లో రెండోదాన్నే ఎంచుకుంటారు. "కచ్చితంగా ఒకసారి" అనే హామీని కాఫ్కా 2017లో 0.11 విడుదలతో ఇచ్చింది. అయితే అది కాఫ్కాలో చదివి కాఫ్కాలోనే రాసే పనికి వర్తిస్తుంది. బయటి చెల్లింపు గేట్‌వేకు గానీ, ఎస్‌ఎంఎస్‌కు గానీ అది వర్తించదు.

ఎర్రర్ ఏదీ లేకుండానే ఈవెంట్లు రెండోసారి రావచ్చు. అమెజాన్ ఎస్‌క్యూఎస్ క్యూలో ఒక మెసేజ్ తీసుకున్నాక అది ఇతరులకు కనబడకుండా ఉండే గడువు మార్చకపోతే 30 సెకన్లు. పనికి 40 సెకన్లు పడితే, మొదటి కార్మిక ప్రక్రియ ముగించేలోపే రెండోది అదే మెసేజ్‌ను తీసుకుంటుంది. కాఫ్కాలో కన్స్యూమర్ ఒక విడతలో గరిష్ఠంగా 500 మెసేజ్‌లు తీసుకుంటుంది, తరువాతి విడతకు 5 నిమిషాల్లోగా రావాలి. ఇవి కూడా మార్చకపోతే ఉండే విలువలే. బయటి సర్వీస్ మందగించి ఒక్కో మెసేజ్‌కు సెకను పడితే 500 సెకన్లవుతుంది. బృందం ఆ కన్స్యూమర్‌ను తప్పుకున్నదిగా భావించి పార్టిషన్‌ను మరొకరికి ఇస్తుంది. కొత్తగా వచ్చిన కన్స్యూమర్ అవే 500 మళ్లీ మొదలుపెట్టి, అదే గడువు దాటుతుంది. అందరూ పనిచేస్తూనే ఉంటారు, ఆఫ్‌సెట్ మాత్రం కదలదు, ఒకే ఎస్‌ఎంఎస్ పదేపదే వెళుతుంది. విడత పరిమాణాన్ని తగ్గించడం దీనికి తొలి చర్య.

### పునరావృతాన్ని తట్టుకునే పని

ఒకసారి చేసినా పదిసార్లు చేసినా ఫలితం ఒకటే అయ్యే పనిని ఐడెంపొటెంట్ అంటారు. "నిల్వలోంచి రెండు తగ్గించు" అటువంటిది కాదు. దాన్ని అలా మార్చడానికి, అమలు చేసిన ఈవెంట్ల గుర్తింపు సంఖ్యలను ఒక పట్టికలో రాస్తారు. ఆ రాత, అసలు మార్పు ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి.

```sql
BEGIN;
INSERT INTO processed (event_id) VALUES ('e-7f3');
UPDATE stock SET qty = qty - 2 WHERE sku = 'S-15';
COMMIT;
```

`event_id` ప్రైమరీ కీ అయితే, రెండోసారి వచ్చినప్పుడు మొదటి వాక్యమే విఫలమై నిల్వ మారదు. కన్స్యూమర్ ఆ ఎర్రర్‌ను "ఇదివరకే చేశాం" అని గుర్తించి, ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తీసుకుని, రసీదు పంపాలి. ఈ పట్టికను శుభ్రం చేసే గడువు, ఈవెంట్ మళ్లీ రాగల అత్యధిక కాలం కన్నా ఎక్కువ ఉండాలి. చిట్టా గడువు 7 రోజులై, పట్టికలో ఒక రోజుకే చెరిపేస్తే, మూడు రోజుల కిందటి ఈవెంట్లను తిరిగి చదివించిన రోజు నిల్వ రెండోసారి తగ్గుతుంది.

బయటి సర్వీస్‌తో పనిలో ఈ ట్రాన్సాక్షన్ సాయపడదు. డబ్బు వాపసు కోరితే గేట్‌వే నుంచి జవాబు రాకుండా గడువు దాటిందనుకుందాం. అది విఫలమైనట్టు కాదు, జరిగిందో లేదో తెలియనట్టు. కోరిక చేరక పోయి ఉండవచ్చు, జవాబు తిరిగి రాక పోయి ఉండవచ్చు. అందుకే మొదటి ప్రయత్నానికి ముందే ఒక ఐడెంపొటెన్సీ కీ సృష్టించి డేటాబేస్‌లో రాసి, ప్రతి ప్రయత్నంలోనూ దాన్నే పంపుతారు. ఒకే కీతో రెండోసారి వచ్చిన కోరికకు గేట్‌వే పాత ఫలితాన్నే తిరిగిస్తుంది. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ సృష్టిస్తే ఈ రక్షణ పోతుంది. ఎస్‌ఎంఎస్ సంస్థ అటువంటి సౌకర్యం ఇవ్వకపోతే, రెండుసార్లు వెళ్లడమా, వెళ్లకపోవడమా అన్నది రూపకర్త ముందే నిర్ణయించాలి.

### విరామం, హద్దు

ఎర్రర్లు రెండు రకాలు. నెట్‌వర్క్ తెగడం, సర్వర్ రద్దీ వంటివి కాసేపటికి సర్దుకుంటాయి. తప్పు డేటా, లేని వస్తువు నంబరు వంటివి ఎన్నిసార్లు ప్రయత్నించినా సర్దుకోవు. మళ్లీ ప్రయత్నం మొదటి రకానికే పనికొస్తుంది.

ప్రయత్నాల మధ్య విరామాన్ని 1, 2, 4, 8 సెకన్లుగా రెట్టింపు చేస్తూ ఒక హద్దు దగ్గర ఆపుతారు. విరామం అందరికీ ఒకటే అయితే, ఒకేసారి విఫలమైన వేల ప్రక్రియలు ఒకేసారి తిరిగి వచ్చి, లేస్తున్న సర్వర్‌ను మళ్లీ పడగొడతాయి. అందుకని సున్నా నుంచి ఆ విరామం వరకు యాదృచ్ఛికంగా ఒక విలువ ఎంచుకుంటారు. దీన్ని జిట్టర్ అంటారు. ప్రయత్నాలు ఏ పొరలో జరగాలో కూడా నిర్ణయించాలి. ఒకదాని కింద ఒకటి ఉన్న మూడు పొరలు తలా మూడుసార్లు ప్రయత్నిస్తే, పైన వచ్చిన ఒక్క కోరిక అట్టడుగు సర్వీస్‌కు 27 కోరికలుగా చేరుతుంది. సాధారణంగా ఒక్క పొరకే ఆ బాధ్యత ఇస్తారు.

## వైఫల్యాలు

### సాంకేతికమైనవి

ఎన్ని ప్రయత్నాలకూ లొంగని మెసేజ్‌ను డెడ్ లెటర్ క్యూ అనే వేరే చోటికి తరలిస్తారు. లేకపోతే అది తన వెనక ఉన్న మంచి మెసేజ్‌లను ఆపేస్తుంది. తరలించేటప్పుడు ఎర్రర్ వివరం, ప్రయత్నాల సంఖ్య, మొదట ఉన్న చోటు కూడా రాసిపెట్టాలి.

వరుస అవసరమైన చోట ఈ తరలింపు ఒక సంఘర్షణ తెస్తుంది. `O-1042` వెర్షన్ 2ను పక్కన పెట్టి వెర్షన్ 3ను అమలు చేస్తే వరుస తప్పుతుంది. పార్టిషన్ మొత్తాన్ని ఆపితే సంబంధం లేని ఆర్డర్లు నిలిచిపోతాయి. మధ్యే మార్గంగా, పక్కన పెట్టిన కీల జాబితా ఒకటి ఉంచి, ఆ ఆర్డరుకు తరువాత వచ్చే ఈవెంట్లను కూడా అక్కడికే వరుసగా పంపుతారు. లోపం సరిచేశాక ఆ కీ ఈవెంట్లను మొదటి నుంచి నడిపి, జాబితాలోంచి తీసేస్తారు.

డెడ్ లెటర్ క్యూ తాత్కాలిక నిల్వ మాత్రమే. ఎస్‌క్యూఎస్ సాధారణ క్యూలలో మెసేజ్ గడువు అది మొదట క్యూలో చేరిన సమయం నుంచే లెక్క. అసలు క్యూలో మూడు రోజులు గడిపి వచ్చిన మెసేజ్, నాలుగు రోజుల గడువున్న డెడ్ లెటర్ క్యూలో ఒక్క రోజే ఉంటుంది. అందుకే దాని గడువును అసలు క్యూ కన్నా ఎక్కువగా, గరిష్ఠమైన 14 రోజులకు పెట్టడం వాడుక.

### వ్యాపారపరమైనవి

చెల్లింపు అందింది, కానీ నిల్వ సర్వీస్ చూసేసరికి చీర ఒక్కటే ఉంది. ఇది ఎర్రర్ కాదు, మళ్లీ ప్రయత్నిస్తే మారేదీ కాదు. నిల్వ సర్వీస్ `StockRejected` ప్రకటిస్తుంది, దానికి స్పందనగా చెల్లింపుల సర్వీస్ డబ్బు వాపసు చేస్తుంది, ఆర్డర్ల సర్వీస్ రద్దుగా గుర్తిస్తుంది. ఇది సాగా. వాపసు అనేది జరిగినదాన్ని చెరిపేయదు. ఖాతాలో చెల్లింపు, వాపసు రెండూ కనిపిస్తాయి. విరుగుడు చర్య కూడా విఫలం కావచ్చు గనుక దానికీ మళ్లీ ప్రయత్నాలు, ఐడెంపొటెన్సీ కీ అవసరం. తిరిగి తీసుకోలేని పనులను, కొరియర్‌కు అప్పగించడం వంటివాటిని, విఫలమయ్యే అవకాశం ఉన్న అడుగులన్నీ ముగిశాక పెడతారు.

సాగాను రెండు విధాలుగా నడుపుతారు. మొదటి విధంలో ప్రతి సర్వీస్ ఇతరుల ఈవెంట్లు విని తన వంతు చేస్తుంది. అడుగులు కొద్దిగా ఉన్నప్పుడు ఇది సరళం, పెరిగితే మొత్తం ప్రవాహం ఏ ఒక్క చోటా రాసి ఉండదు. రెండో విధంలో ఒక సమన్వయకర్త ప్రతి అడుగుకూ ఆదేశం పంపి, ఆర్డరు ఎక్కడుందో నమోదు చేస్తుంది. గడువులు, విరుగుడు చర్యలు ఎక్కువగా ఉన్న ప్రవాహాలకు ఇది అనువైనది. అయితే ప్రతి మార్పుకూ దాన్ని తాకాలి.

## పర్యవేక్షణ

నేరు కాల్ విఫలమైతే పిలిచినవారికి వెంటనే తెలుస్తుంది. ఈవెంట్ విషయంలో ప్రొడ్యూసర్ పని ఎప్పుడో ముగిసిపోయింది గనుక, ఎవరూ ఫిర్యాదు చేయరు. అందుకని మూడు కొలతలు తప్పనిసరి: ఇంకా చదవని అతి పాత ఈవెంట్ వయసు, డెడ్ లెటర్ క్యూలోని మెసేజ్‌ల సంఖ్య, పూర్తి కాని ఆర్డర్ల సరిపోలిక. మూడోదానికి, అరగంట కిందటే చెల్లింపు అందినా ప్యాకింగ్ చీటీ లేని ఆర్డర్లను రెండు డేటాబేస్‌లు పోల్చి వెతికే పనిని క్రమం తప్పకుండా నడుపుతారు. పైన చెప్పిన అవుట్‌బాక్స్ లోపం వంటివి ఎర్రర్ లాగ్‌లో కనబడవు, ఈ సరిపోలికలోనే దొరుకుతాయి.

ఆగిన కన్స్యూమర్ లేచాక కోలుకునే కాలాన్ని ముందే లెక్కించవచ్చు. సెకనుకు 200 ఈవెంట్లు వస్తూ, కన్స్యూమర్ 250 మాత్రమే చేయగలదనుకుందాం. అరగంట ఆగితే 3,60,000 పేరుకుంటాయి. లేచాక మిగులు సామర్థ్యం సెకనుకు 50 గనుక, పేరుకున్నది తీరడానికి 7,200 సెకన్లు, అంటే రెండు గంటలు పడుతుంది. అరగంట అంతరాయం కొనుగోలుదారుకు రెండున్నర గంటల ప్రభావంగా కనిపిస్తుంది.

## పరిమితులు

ఈవెంట్లతో నడిచే నకళ్లు అసలు స్థితి కన్నా కొంత వెనకబడి ఉంటాయి. ఇప్పుడే రద్దు చేసిన ఆర్డరు మరో పేజీలో ఇంకా ఉన్నట్టు కనిపించవచ్చు. తన మార్పును తాను వెంటనే చూడవలసిన పేజీలకు ఆర్డర్ల సర్వీస్‌నే నేరుగా అడగడం సాధారణ పరిష్కారం. ఈవెంట్ ఆకృతి కూడా ఒక ఒప్పందమే. కొత్త అంశం చేర్చడం సాధారణంగా ఇబ్బంది కాదు. ఉన్న అంశం అర్థాన్ని మార్చితే, ఉదాహరణకు మొత్తాన్ని రూపాయల నుంచి పైసలకు మార్చితే, పాత కన్స్యూమర్లు ఎర్రర్ లేకుండానే వంద రెట్ల తప్పు లెక్క చేస్తాయి. అటువంటి మార్పుకు కొత్త పేరుతో కొత్త అంశం చేర్చి, కన్స్యూమర్లన్నీ దానికి మారేదాకా రెండిటినీ పంపుతారు.

ఒకే బృందం నడిపే, ఒకే డేటాబేస్ ఉన్న చిన్న వ్యవస్థలో ఈ సమస్యలు చాలావరకు తలెత్తవు, ఎందుకంటే ఒక ట్రాన్సాక్షనే నిల్వనూ ఆర్డరునూ కలిపి మారుస్తుంది. అటువంటి చోట ఈవెంట్లు ప్రవేశపెడితే అవుట్‌బాక్స్, పునరావృత తనిఖీ, డెడ్ లెటర్ క్యూ, సరిపోలిక అనే నాలుగు అదనపు భాగాలను నిర్మించి నిర్వహించాలి. ఎస్‌ఎంఎస్ వంటి పక్క పనులను మాత్రమే ఈవెంట్లకు మార్చి, ఆర్డరు, నిల్వ మార్పులను ట్రాన్సాక్షన్‌లోనే ఉంచే మిశ్రమ నిర్మాణాలు కూడా వాడుకలో ఉన్నాయి.